ధర ఉంది సరే, కొలత ఏదీ?

కార్తీకమాసం వచ్చిందంటే నా ఫోన్‌కి రెండు రకాల ఫొటోలు వస్తాయి. ఒకటి కొబ్బరి తోటల్లో వనభోజనాలవి, రెండోది కారు సర్వీసు ఎస్టిమేషన్లవి. వానలు తగ్గాక, ప్రయాణాలు మొదలవకముందు అందరూ బళ్ళని షెడ్డుకి తోలతారు. అక్కడ చేతిలో పెట్టిన కాగితాన్ని ఫొటో తీసి "ఇందులో ఏవి చేయించాలి, ఏవి వద్దు?" అని పంపుతారు. కొన్నేళ్ళపాటు ఒక వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్‌గా ఇలాంటి కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి, చుట్టాల్లో ఈ పని నా నెత్తిన పడింది.

అడిగేవాళ్ళలో రెండు తెగలు కనిపిస్తాయి. ఒకరు "బండి విషయంలో రిస్కు ఎందుకు, అన్నీ చేయించేద్దాం" అంటారు. రెండోవారు "వీళ్ళంతా దొంగలు, ఆయిల్ మార్చి ఇచ్చేయమను చాలు" అంటారు. నాకు ఇద్దరి మాటా మింగుడుపడదు. మొదటివారు పనిలేని చోట డబ్బు పోస్తారు. రెండోవారు అసలైన ప్రమాదాన్ని కూడా దొంగలెక్కలో కలిపేసి కొట్టిపారేస్తారు. ఇద్దరూ చూసేది ఒక్కటే: ఐటెమ్ పేరు, పక్కన ధర. ఆ రెండిటినీ బట్టి ఏ పని ఇప్పుడు కావాలో తేల్చడం నావల్ల కూడా కాదు. "బ్రేకు ప్యాడ్లు" అన్న మాట వినగానే అత్యవసరం అనిపిస్తుంది, "బూటు" అంటే ఏదో రబ్బరు ముక్క కదా అనిపిస్తుంది. ఈమధ్య మా బావగారి కారు విషయంలో సరిగ్గా దీనికి ఉల్టా అయింది. ఆ కాగితాన్నే ఇక్కడ విప్పి చూపిస్తాను.

బావగారిది రాజోలు. పెట్రోలు చిన్న కారు, యాభై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాదికి ఏడు వేలకి మించి తిప్పరు. బడికి, తోటకి, అమలాపురానికి, నెలకోసారి సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించి నరసాపురానికి. ఈసారి మాత్రం కుటుంబమంతా భద్రాచలం వెళ్దామనుకున్నారు. రాజమండ్రి మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి, అక్కణ్ణుంచి ఘాట్ దిగి చింతూరు. ఎస్టిమేషన్ పదిహేను లైన్లు, మొత్తం ముప్పై ఐదు వేలు. "ఏంటండీ ఇది, కారు ఖరీదులో పదో వంతు లాగుంది" అని ఆయన వాయిస్ మెసేజ్.

ఫొటో రాగానే నేను ధరలు చూడను. ముందు కాగితం మొత్తం ఉందా అని చూస్తాను. చాలా ఫొటోల్లో పైభాగం తెగిపోతుంది, అక్కడే కిలోమీటరు రీడింగు, తేదీ ఉంటాయి. కుడివైపు అంచు తెగితే పార్టు నంబర్ల కాలమో, లేబర్ కాలమో పోతుంది. రెండో పేజీ ఉందన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. బావగారి చేత మళ్ళీ తీయించాను, కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనబడేలా. పాత బిల్లు ఉంటే అదీ పంపమన్నాను. పాత బిల్లు విలువ చాలామందికి తెలీదు. ఏ సామాను ఎప్పుడు మార్చారో, అప్పటికి రీడింగు ఎంతో తెలిస్తే సగం తగువు అక్కడే తీరిపోతుంది.

పార్టు నంబరు కాలమ్ ఎందుకంటే, అది కాగితాన్ని రెండుగా చీలుస్తుంది. నంబరు ఉన్నవి బండిలో ఏదో ఒక సామాను ఊడదీసి కొత్తది పెట్టే పనులు. నంబరు లేకుండా, లేదా ప్యాకేజీ అని రాసి ఉన్నవి ఎక్కువగా మందులు: ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ వెంట్లకి స్ప్రే, కింద కోటింగు. మా రోజుల్లో నెలవారీ టార్గెట్లు ఈ రెండో రకం మీదే ఉండేవి. అంటే అవన్నీ మోసమని కాదు. అవి అక్కడికి రావడానికి మీ బండి స్థితి కారణం కాకపోవచ్చు, అంతే. బావగారి కాగితంలో ఇలాంటివి నాలుగు లైన్లు, మొత్తం ఎనిమిదిన్నర వేలు.

మిగతా వాటికి నేను అడిగేది కొలత. ప్రతి లైనుకీ "ఎంత?" అన్న ప్రశ్న ఒకటుంటుంది. ప్యాడు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది, బ్రేక్ ఆయిల్లో నీటి శాతం ఎంత. బండి షెడ్డులోనే ఉంటే ఇవన్నీ పది నిమిషాల్లో చెప్పగలిగినవే. "బావగారూ, ఆ అడ్వైజరు అబ్బాయికి ఫోన్ ఇవ్వండి" అన్నాను. అబ్బాయి మర్యాదస్తుడు. "సార్, ప్యాడ్లు అరవై శాతం అయిపోయాయి సార్" అన్నాడు.

ఈ శాతాల దగ్గర ఆగాలి. అరవై శాతం అరిగిందా, అరవై మిగిలిందా అన్నది ఒక తికమక. అసలు దేనిలో అరవై అన్నది ఇంకొకటి. చిన్న కార్లకి కొత్త ప్యాడులో రాపిడి పదార్థం సుమారు పది మిల్లీమీటర్లు ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి అనేది నేను పాటించే లెక్క. కొన్ని కంపెనీల మాన్యువల్స్ ఇంకా కిందికి కూడా ఒప్పుకుంటాయి గానీ, నేను అంతవరకు లాగనివ్వను. కొలవమన్నాను. ఎడమ చక్రంలో బయటి ప్యాడు ఆరు, లోపలి ప్యాడు ఐదు. కుడివైపు రెండూ ఆరు.

లోపలి ప్యాడు గురించి విడిగా అడగాలి, ఎందుకంటే చక్రం సందులోంచి తొంగిచూస్తే కనబడేది బయటిదే. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఒక ప్యాడు మాత్రమే డిస్కుని పట్టుకుని గబగబా అరిగిపోతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళలో, వారం రోజులు కదలకుండా వానలో నిలబడే బళ్ళలో ఇది మామూలే. బయట ఆరు ఉండి లోపల రెండు ఉన్న బళ్ళు నేను చూశాను. ఇక్కడ తేడా ఒక్క మిల్లీమీటరే కాబట్టి పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలు.

ఇప్పుడు పాత బిల్లు పనికొచ్చింది. ఈ ప్యాడ్లు వేసింది ఇరవై ఎనిమిది వేల రీడింగు దగ్గర. ముప్పై వేల కిలోమీటర్లకి ఐదు మిల్లీమీటర్లు పోయింది. అంటే ఆరు వేలకి ఒక మిల్లీమీటరు. మూడుకి రావాలంటే ఇంకా పన్నెండు వేలు తిరగాలి, ఆయన వాడకానికి ఏడాదిన్నర పైన. ఘాట్ రోడ్డులో కాస్త ఎక్కువ అరుగుతుందనుకున్నా ఒక్క ప్రయాణంలో కరిగిపోయేది కాదు. ప్యాడ్లు వాయిదా. వచ్చే సర్వీసులో మళ్ళీ కొలవాలి, ఈసారి నాలుగూ రాసిపెట్టాలి.

ప్యాడ్ల కింద లైనులో డిస్కుల స్కిమ్మింగ్ ఉంది. లేతు మీద డిస్కు ముఖాన్ని చెక్కి నునుపు చేయడం. దీనికి కారణమేంటంటే "తుప్పు ఉంది సార్" అన్నాడు. రాత్రి వాన కురిసి తెల్లారేసరికి డిస్కు మీద ఎర్రగా పొర కట్టడం కోనసీమలో ప్రతి బండికీ ఉండే యోగం. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. స్కిమ్మింగ్‌కి కారణం కావాలంటే వేరే గుర్తులుండాలి: బ్రేకు తొక్కినప్పుడు పెడల్ పాదం కింద కొట్టుకోవడం, స్టీరింగు వణకడం, గోరుకి తగిలేంత లోతు గాళ్ళు. అవేమీ లేకుండా చెక్కిస్తే మంచి ఇనుమే పోతుంది. డిస్కుకి కనీస మందం ఇంతని అచ్చు వేసి ఉంటుంది, చెక్కిన ప్రతిసారీ దానికి దగ్గరవుతాం. ఇది వాయిదా కాదు, వద్దు అన్నాను.

ఇంతవరకూ విని బావగారు రెండో తెగలోకి జారిపోయారు. "చూశావా, నేను చెప్పలా! బ్రేకుల పేరుతో అంతా కొట్టేస్తున్నారు, ఆ బ్రేక్ ఆయిలు కూడా తీసేయించు" అన్నారు. అక్కడ నేను ఒప్పుకోలేదు. కాగితం మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టిన మూడు లైన్లలో అదొకటి, ధర చూస్తే వెయ్యి లోపే.

బ్రేక్ ఆయిలు గాల్లోని తేమని పీల్చుకుంటుంది. మూత బిగించి ఉన్నా రబ్బరు పైపుల గుండా, సీళ్ళ గుండా కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. ఎక్కువ కార్లలో వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి, కిలోమీటర్లతో పనిలేకుండా. బావగారి బండిలో పాత బిల్లుల ప్రకారం మూడేళ్ళు దాటింది. పెన్నులాంటి టెస్టరు ముంచి చూడమంటే మూడు శాతం పైన ఎర్ర దీపం వెలిగింది.

రాజోలు నుంచి అమలాపురం వెళ్ళినంతకాలం ఈ తడి ఆయిలు ఆయనకేమీ తెలియనివ్వదు. డెల్టా అంతా చదును. పైకెక్కాల్సింది మహా అయితే ఏటిగట్టు, లేకపోతే వంతెన. బ్రేకులు వేడెక్కే అవకాశమే రాదు. ఈ వాడకమే అయితే ఇంకో నెల ఆగినా నేను పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ నలుగురు మనుషులు, సామాను వేసుకుని మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు, మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలుంచితే ప్యాడ్ల వేడి క్యాలిపర్లోని ఆయిల్‌కి ఎక్కుతుంది. అందులోని నీరు ఆవిరైతే బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేలదాకా దిగుతుంది, బండి ఆగదు. ప్యాడు ఐదు మిల్లీమీటర్లున్నా, పది ఉన్నా అప్పుడు ఒకటే. కాబట్టి ఒక పని ఇప్పుడు కావాలా, ఆగొచ్చా అన్నది బండిని బట్టి మాత్రమే తేలదు, రాబోయే నెలలో ఆ బండి ఏ దారిన పోతుందో దాన్ని బట్టి కూడా తేలుతుంది. ఈ ప్రశ్న ఎస్టిమేషన్ రాసినవాళ్ళు అడగలేదు, బావగారూ చెప్పలేదు. (కొత్త ఆయిలు పోసినా ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగమని, న్యూట్రల్‌లో వదలొద్దని వేరే చెప్పాల్సి వచ్చింది. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది.)

రెండో పట్టుదల యాక్సిల్ బూటు. ముందు చక్రాలని తిప్పే యాక్సిల్ చివర ఒక కీలు ఉంటుంది. దాన్ని కప్పుతూ మడతల మడతల రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. ఆ తొడుగు చిరిగితే చక్రం తిరుగుడికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, చిరుగులోంచి నీళ్ళు, ఇసుక లోపలికి పోతాయి. ఫొటో అడిగాను. ఎడమ చక్రం లోపలివైపు రిమ్ముకి నల్లగా, తడిగా గ్రీజు మరకలు, రబ్బరు మడతలో వేలు దూరేంత చిరుగు. మరకలు తడిగా ఉన్నాయంటే చిరిగి ఎక్కువ కాలం కాలేదన్నమాట.

ఇక్కడ కొలతకి బదులు ఒక శబ్దం వినాలి. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి, మెల్లగా గుండ్రంగా తోలాలి, తరవాత రెండోవైపు. కీలు పాడైతే టకటకటక అని లయగా కొడుతుంది. కొట్టిందంటే బూటు మార్చి లాభం లేదు, లోపల గోళీలు, గాళ్ళు అరిగిపోయాయి, కీలు గానీ మొత్తం యాక్సిల్ గానీ మార్చాల్సిందే. కొట్టకపోతే మాత్రం బూటు, కొత్త గ్రీజుతో బతికిపోతుంది. బావగారి బండి కొట్టలేదు. బూటు కిట్టు పదిహేను వందలు, యాక్సిల్ అయితే దానికి ఎన్నో రెట్లు. పొడి నేలల్లో ఇది ఒక నెల ఈడ్చినా ఈడవొచ్చు. రొయ్యల చెరువుల గట్ల మీద, వరి కోతల బురదలో, ఇసుక లారీలు తిరిగే దారుల్లో తిరిగే బండికి ఆ నెల ఇవ్వడానికి నాకు మనసొప్పదు. బూటు చిరిగినంత మాత్రాన రేపే ప్రమాదం జరగదు. ఆలస్యం చేస్తే ఖర్చు పెరుగుతుంది, అది కూడా ఇప్పుడే చేయించడానికి కారణమే. బ్రేక్ ఆయిల్‌ది ప్రాణానికి సంబంధించిన తొందర, దీనిది డబ్బుకి సంబంధించిన తొందర. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఈ రెండిటినీ విడదీసి చూడడం అవసరం.

మూడోది లోయర్ ఆర్మ్, చక్రాన్ని కిందినుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. కాగితంలో "లోయర్ ఆర్మ్ అసెంబ్లీ, ఎడమ, కుడి" అని ఒకే లైను, ఆరువేల నాలుగు వందలు. సస్పెన్షన్ లైన్లలో మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. ఆ ఇనుప చెయ్యికి ఒక చివర రబ్బరు బుష్షులు, రెండో చివర బాల్ జాయింటు. బుష్షు పోతే గతుకుల్లో డొక్కుడొక్కుమంటుంది, స్టీరింగు కొంచెం అటూఇటూ లాగుతుంది, టైరు వంకరగా అరుగుతుంది. చిరాకే గానీ కొన్నాళ్ళు ఆగుతుంది. బాల్ జాయింటు పూర్తిగా పోతే చక్రం పట్టు తప్పి పక్కకి వాలిపోతుంది, స్టీరింగు చేతిలో ఉండి కూడా లేనట్టే. రెండు జబ్బులకీ కాగితంలో రాసేది మాత్రం ఒక్కటే పేరు, ఒక్కటే ధర, ఎందుకంటే చాలా బళ్ళకి చెయ్యి మొత్తంగానే అమ్ముతారు.

అందుకని "ఏ వైపుది, ఏ చివర?" అని అడగాలి. బండిని లిఫ్టు మీద ఎత్తి, వేలాడే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే, లేదా చెయ్యి కింద గడ్డపలుగు పెట్టి ఎత్తితే బాల్ జాయింటులో ఆట కంటికి కనబడుతుంది. వీడియో తీయించమన్నాను. ఎడమవైపు జాయింటు స్పష్టంగా టక్కుమని కదిలింది. కుడివైపు జాయింటు గట్టిగా ఉంది, బుష్షు రబ్బరు మీద మాత్రం పైపైన పగుళ్ళు. రబ్బరు వయసుకి పైన సన్నగా పగలడం సహజం. చీలిక లోపలి ఇనుప గొట్టందాకా పోయి, పలుగుతో కదిపితే గొట్టం పక్కకి జరిగితే అప్పుడు పోయినట్టు. ఇది జరగలేదు. కాబట్టి ఎడమ చెయ్యి ఇప్పుడే, కుడి తరవాత.

దీనికి అడ్వైజరు అభ్యంతరం చెప్పాడు, అది న్యాయమైనదే: "సార్, తరవాత కుడిది వేస్తే అలైన్‌మెంటు మళ్ళీ చేయించాలి." నిజం. ఆర్మ్ మార్చిన ప్రతిసారీ చక్రాల కోణాలు చూడాలి. వాయిదా అంటే ఉచితం కాదు, ఆ రెండో అలైన్‌మెంటు దాని ఖరీదు. ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లలాంటివైతే నేను కూడా జంటగానే మార్చమంటాను, ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బండి ప్రవర్తన మారిపోతుంది కాబట్టి. బాల్ జాయింటుకి ఆ బాధ లేదు. ఆరు నెలల్లో కుడిది పోతుందని గుర్తులుంటే రెండూ కలిపి చేయించమనేవాణ్ణి. ఈ రబ్బరు చూస్తే ఇంకా చాలాకాలం వస్తుంది.

లేబర్ గురించి మాత్రం నేనే ఒక మాట అన్నాను. బూటు మార్చాలంటే యాక్సిల్ బయటికి లాగాలి, లాగాలంటే ఆ ఎడమ బాల్ జాయింటునే విడదీయాలి. ఆర్మ్ మార్చడానికీ అదే విడదీయాలి. ఒకే చోట ఒకే బోల్టు రెండుసార్లు విప్పిన కూలి రెండు లైన్లలో ఎందుకుండాలి? కొన్నిచోట్ల దీన్ని వాళ్ళే తగ్గిస్తారు, కొన్నిచోట్ల కంప్యూటర్లో దేనికది విడిగా పడిపోతుంది, అడిగితే తగ్గుతుంది. అబ్బాయి నవ్వి "మీరూ మా లైన్లో పనిచేసినవాళ్ళే సార్" అన్నాడు, కొంత తగ్గించాడు. ఒకచోట విప్పినప్పుడు పక్కది కూడా చేయించడం లాభమా అనే ప్రశ్న కూడా ఇలాగే. కొన్నిసార్లు ఆగగల పనిని కూడా ఇప్పుడే చేయించడం మంచిది, విప్పిన కూలి ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి. అది పక్కనే ఉన్న సామానుకే, బండి రెండో కొసన ఉన్నదానికి కాదు.

మిగిలినవి త్వరగా తేలిపోయాయి. ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు చేయించాల్సిందే. తిరిగింది ఏడు వేలే అయినా ఏడాది దాటింది, ఆయిల్‌కి గడువు కిలోమీటర్లకీ కాలానికీ ఏది ముందైతే అది. ఇంజిన్ ఫ్లష్ వద్దు. సమయానికి ఆయిల్ మారుస్తున్న ఇంజిన్లో కడగడానికేమీ ఉండదు, ఏళ్ళ తరబడి మార్చని ఇంజిన్లోనైతే ఆ మందు మడ్డిని ఊడదీసి ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడేసే ప్రమాదం ఉంది. ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ క్లీనింగ్‌కి నేనడిగింది: ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతోందా, పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోందా, మైలేజీ పడిందా, డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం ఉందా? ఏదీ లేదు. వద్దు. ఎయిర్ ఫిల్టరు ఫొటోలో నల్లగా, మడతల్లో దుమ్ముతో ఉంది, మార్చమన్నాను. ఏసీ ఫిల్టరు మాత్రం బయట కొని, గ్లవ్ బాక్సు తీసి మా మేనల్లుడు ఇంట్లోనే వేశాడు. ఏసీ స్ప్రే ఎవరికీ కావాలనిపించలేదు.

బ్యాటరీ లైనుకి ఐదువేల పైన. నాలుగేళ్ళు నిండాయి కాబట్టి మార్చమన్నారు. వయసు అనుమానానికి కారణం, తీర్పు కాదు. రాత్రంతా ఆపిన బండిలో 12.5 వోల్టులు, ఇంజిన్ తిరుగుతుంటే 14.2. టెస్టరు కాగితం కూడా బాగుందనే ఇచ్చింది. టెర్మినళ్ళ మీద తెల్లటి పొర ఉంటే వేడినీళ్ళతో కడిగించాం. ఎప్పుడైనా స్టార్టరు నీరసంగా తిరిగితే అప్పుడు చూద్దాం. ఒకవేళ మొరాయించినా ఇంటి ముందో బజార్లోనో ఆగుతుంది, ప్రాణం మీదికి రాదు. అయితే ఘాట్ రోడ్డులో మొరాయిస్తే ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసుకోడానికి జంపర్ కేబుళ్ళు డిక్కీలో వేసుకోమన్నాను.

కాగితంలో లేనిదొకటి నేను అడిగాను: టైర్లు. ఆ షెడ్డులో టైర్లు అమ్మరు, అందుకే వాటి ప్రస్తావనే లేదు. అక్కడ అమ్మనిది ఎస్టిమేషన్‌లోకి రాదు. టైరు గాళ్ళ మధ్య అడుగున చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటికి సమానమైతే గాడి 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు, చట్టం ఒప్పుకునే హద్దు అదే. నీళ్ళు నిలిచే రోడ్ల మీద నేను అంతదాకా కూడా రానివ్వను. పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. బావగారివి నాలుగేళ్ళవి, గాడి బాగానే ఉంది. స్టెప్నీలో మాత్రం గాలి లేదు.

ఫోనులో ఇలా తేల్చడానికి హద్దులున్నాయి. బ్రేకు పెడల్ ఇప్పటికే కిందికి దిగుతున్నా, స్టీరింగులో ఖాళీ ఆట ఉన్నా, పెట్రోలు వాసన వస్తున్నా, ఇంజిన్ వేడి ముల్లు ఎక్కుతున్నా, ఆయిల్ ఎర్ర దీపం వెలుగుతున్నా నేను ఫొటో చూసి ఏ సలహా ఇవ్వను. బండి తోలొద్దు, అక్కడే చూపించండి అంటాను, అంతే.

బావగారికి చివరికి అయింది పదమూడు వేలు. మిగిలిన ఇరవై రెండు వేలూ ఆదా అయినట్టు ఆయన మా అక్కకి చెప్పారు గానీ, అది సగమే నిజం. ప్యాడ్లు, కుడి ఆర్మ్, బ్యాటరీ ఏదో ఒకరోజు వస్తాయి. అందుకే బిల్లు వెనకాల కొలతలు రాయించాను: ప్యాడ్లు నాలుగూ ఎంతెంతో, బ్యాటరీ వోల్టులు, రీడింగు, తేదీ. వచ్చేసారి వేరే షెడ్డుకి వెళ్ళినా ఆ కాగితమే ముందు పెడతారు.

అండర్‌బాడీ కోటింగు ఒక్కటి నేను వద్దనలేదు, ఇప్పుడొద్దన్నాను. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో దాన్ని కొట్టిపారేయొచ్చు గానీ, ఉప్పుగాలి తగిలే ఊళ్ళో, పంటు మీద రేవు నీళ్ళు చిమ్మే బండికి దానివల్ల ఉపయోగముంది. వానాకాలం బురద, తడి ఇంకా సందుల్లో ఉండగా దానిమీద నల్ల పూత కొడితే ఆ తడిని లోపలే బంధించినట్టవుతుంది, తుప్పు పూత కింద కనబడకుండా పాకుతుంది. సంక్రాంతి వెళ్ళాక కింద శుభ్రంగా కడిగించి, రెండ్రోజులు ఎండలో ఆరనిచ్చి, ఉన్న తుప్పు గీకించి, నీళ్ళు కారే రంధ్రాలు మూసుకోకుండా కొట్టించుకోమన్నాను. దానికి ధర అప్పుడు రాజోల్లోనే ఇంకో ఇద్దర్ని అడుగుతారట.